50 శాతం పోతే 100 శాతం ఎందుకు రావాలి? డ్రాడౌన్ లెక్కల మీద చర్చ

వంశీ_కె

అందరికీ నమస్కారం. ఒక ఫండ్ 50 శాతం పడి, ఆ తర్వాత 50 శాతం పెరిగితే అసలు తిరిగి వచ్చినట్టు కాదని తెలుసు. కాగితం మీద లెక్క వేస్తే 100 కాస్తా 50 అయి, తర్వాత 75 దగ్గర ఆగిపోతోంది. అక్కడి వరకు ఓకే. కానీ పోయింది 50 శాతమైనప్పుడు, పూడ్చుకోవడానికి 100 శాతం కావాలంటే ఆ మిగతా 50 ఎక్కడి నుంచి పుట్టుకొచ్చింది? ఇంకొక అనుమానం కూడా ఉంది. పడినదానికి రెట్టింపు లేవాలి కాబట్టి, పడటం కన్నా కోలుకోవడం రెట్టింపు కష్టమని, రెట్టింపు టైమ్ పడుతుందని అనుకోవచ్చా?

సుభద్ర

వంశీ గారూ, ఆ 50 ఎక్కడి నుంచీ రాలేదండీ. డబ్బులో చూడండి. లక్ష పెట్టారు, 50 వేలు పోయింది, తిరిగి రావలసింది కూడా అదే 50 వేలు. ఒక్క పైసా ఎక్కువ అక్కర్లేదు. మారింది ఆ 50 వేలను దేనితో పోల్చి చెబుతున్నామన్నదే. పోయినప్పుడు లక్షతో పోల్చాం కాబట్టి సగం అన్నాం. ఇప్పుడు చేతిలో మిగిలింది 50 వేలే కాబట్టి, అంతే మొత్తం మళ్ళీ సంపాదించాలంటే దాన్ని రెట్టింపు చేయాలి.

నష్టం తక్కువగా ఉన్నంతవరకు ఈ తేడా కంటికి ఆనదు. 10 శాతం పోతే 11 శాతం కావాలి. 20 పోతే 25 కావాలి. అదే 50 దాటాక లెక్క ఒక్కసారిగా నిటారుగా లేస్తుంది. 75 పోతే 300 కావాలి, 90 పోతే 900 కావాలి. నష్టాన్ని d అనుకుంటే (50 శాతానికి 0.5 అని రాసుకోండి) కావలసిన లాభం ఇది:

```
1/(1-d) - 1
```

చాలామంది గమనించని విషయం ఇందులో ఒకటుంది. 80 శాతం పడిన షేరు 90 శాతం పడిన షేరుగా మారడానికి ఇంకో 10 శాతం పడితే చాలదు. అది 20 దగ్గర ఉంది, 10కి రావాలి. అంటే మళ్ళీ సగం అవ్వాలి. "ఇప్పటికే 80 పడింది, ఇంకేం పడుతుంది" అని కొన్నవాడు కూడా అక్కడి నుంచి తన డబ్బులో సగం పోగొట్టుకోగలడు.

టైమ్ సంగతి వేరే లెక్క. వీలు చూసుకుని సాయంత్రం రాస్తాను.

కిరణ్_ట్రేడర్

సుభద్ర గారు చెప్పింది కరెక్ట్. అందుకే నేను అందరికీ చెప్పేది ఒక్కటే, 20 శాతం దాటి నష్టాన్ని పెరగనివ్వకండి. ఆ గీత దాటాక లెక్కే మనకు ఎదురు తిరుగుతుంది. సగం పడినదాన్ని రెట్టింపు చేయడం కచ్చితంగా రెట్టింపు కష్టం.

ట్రేడింగ్‌లో అయితే ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ప్రతి ట్రేడ్‌కీ అప్పుడు ఖాతాలో ఉన్నదాంట్లో 10 శాతం రిస్క్ పెట్టేవాడికి వరుసగా 10 ట్రేడ్లు దెబ్బతిన్నాయనుకోండి. 65 శాతం పోతుంది. తిరిగి రావాలంటే 187 శాతం చేయాలి. అదే 2 శాతం రిస్క్ పెట్టినవాడికి అవే 10 దెబ్బలు తగిలితే పోయేది 18 శాతం, కావలసింది 22 శాతం. ట్రేడ్లు ఒకటే, మార్కెట్ ఒకటే. ఒకడు ఆటలో ఉంటాడు, ఒకడు బయటికి పోతాడు.

పద్మజ_ఎం

నేను అడిగేది ఈ చర్చకి సంబంధించిందో కాదో తెలియదు. రిటైరయ్యాక కూడబెట్టుకున్న దాంట్లోంచి నెలనెలా తీసుకోవడం గురించే కదా మీరు మాట్లాడుతున్నది? మా నాన్నగారు అలాగే తీసుకుంటున్నారు. ఏటా ఎంత తీసుకుంటే మంచిదో ఎవరైనా చెప్పగలరా?

సుభద్ర

పద్మజ గారూ, ఇక్కడ డ్రాడౌన్ అంటున్నది ఖాతా ఒక గరిష్ఠ స్థాయి నుంచి ఎంత పడింది అన్నదాన్నండీ. ఏటా ఎంత తీసుకోవచ్చన్నది మీ నాన్నగారి వయసు, మిగతా ఆదాయం చూడకుండా చెప్పలేం. కానీ రెండూ ఒక చోట కలుస్తాయి, అది మీకు పనికొస్తుంది.

50 లక్షల నిధి 20 శాతం పడి 40 అయింది అనుకుందాం. ఎవరూ ముట్టుకోకపోతే 25 శాతం పెరిగితే చాలు. కానీ ఆ ఏడు ఇంటి ఖర్చులకి 3 లక్షలు తీశారు, మిగిలింది 37. ఇప్పుడు మళ్ళీ 50 కావాలంటే 35 శాతం పెరగాలి. పడి ఉన్న టైమ్‌లో తీసిన డబ్బు, తర్వాత మార్కెట్ లేచినా దానితోపాటు లేవదు. అందుకే తీసుకునేవాళ్ళకి మొదటి కొన్నేళ్ళలో వచ్చే నష్టం, అదే శాతం నష్టం పదేళ్ళ తర్వాత వచ్చిన దానికంటే చాలా ఎక్కువ దెబ్బ కొడుతుంది. రెండు మూడేళ్ళ ఖర్చుని మార్కెట్‌తో సంబంధం లేని చోట విడిగా ఉంచమని చెప్పేది ఇందుకే.

శ్రీధర్

కిరణ్ గారితో కొంతవరకు ఏకీభవిస్తాను, కానీ "రెట్టింపు కష్టం" అన్న మాట దగ్గర ఆగాలి.

ఏ షేరూ ఒక్క గెంతులో సగం అవ్వదు, ఒక్క గెంతులో రెట్టింపు అవ్వదు. 10 సమాన మెట్లలో సగం అయింది అనుకోండి, ఒక్కో మెట్టు దాదాపు 6.7 శాతం దిగుడు. అదే 10 మెట్లలో తిరిగి పైకి రావాలంటే ఒక్కో మెట్టు 7.2 శాతం ఎక్కాలి. 6.7కీ 7.2కీ తేడా ఎంత? మెట్లు 100 చేస్తే ఆ తేడా దాదాపు మాయమైపోతుంది. 50కి 100 అన్నప్పుడు కనిపించిన ఆ పెద్ద అగాధం, మొత్తం ప్రయాణాన్ని ఒకే అంకెలో చెప్పడం వల్ల వచ్చింది. సగం అవ్వడానికి, రెట్టింపు అవ్వడానికి మధ్య దూరం ఒకటే. లాగరిథమ్‌లో చూస్తే ఒకటి మైనస్ 0.693, ఇంకొకటి ప్లస్ 0.693.

కాబట్టి 20 శాతం దగ్గర గీత గీసి, అది దాటితే లెక్క ఎదురు తిరుగుతుందనడానికి ఆధారం లేదు. ఆ వంపులో ఎక్కడా విరుపు లేదు.

కిరణ్_ట్రేడర్

శ్రీధర్ గారూ, లాగరిథమ్‌తో కిరాణా కొట్టు బిల్లు కట్టలేం కదా. నా ఖాతాలో ఉన్నది డబ్బు. మీ లెక్క ప్రకారం అసలు పెద్ద నష్టమంటే భయపడక్కర్లేదు అంటారా? అయితే 10 శాతం రిస్క్ పెట్టేవాడికి, 2 శాతం పెట్టేవాడికి తేడా లేనట్టేనా?

శ్రీధర్

తేడా ఉంది, చాలా ఉంది. కానీ ఆ తేడా మీరు చూపించిన చోట లేదు.

మీ ఇద్దరు ట్రేడర్లనే తీసుకుందాం. 10 నష్టాల తర్వాత ఇద్దరికీ 10 గెలుపులు వచ్చాయి, గెలిచినా ఓడినా రిస్క్ పెట్టినంతే. 2 శాతం వాడు 100తో మొదలుపెట్టి 99.6 దగ్గర తేలతాడు. 10 శాతం వాడు 90.4 దగ్గర ఉంటాడు. ఇప్పుడు వరుస మార్చండి. ఒక గెలుపు, ఒక ఓటమి అలా కలిపి వేయండి. అప్పుడూ సరిగ్గా అవే అంకెలు వస్తాయి, ఎందుకంటే గుణకారంలో వరుసతో పనిలేదు. అంటే రెండో పద్ధతిలో అతను ఎప్పుడూ 65 శాతం గోతిలో పడలేదు, అయినా 9.6 పోయింది.

అతన్ని తిన్నది గొయ్యి లోతు కాదు, ఒక్కో అడుగు సైజు. ఒక గెలుపు, ఒక ఓటమి జతకి 10 శాతం వాడికి 1 శాతం అరుగుతుంది, 2 శాతం వాడికి 0.04 శాతం. అడుగు 5 రెట్లు పెరిగితే అరుగుదల 25 రెట్లు పెరిగింది. అడుగు 50 శాతమైతే ఒక్క జతకే 25 పోతుంది. వంశీ గారు మొదట్లో చెప్పిన 75 అదే. సూచీ రోజువారీ కదలికకి రెట్టింపు కదిలేలా నడిపే లెవరేజ్ ఫండ్లలో జరిగేది కూడా ఇదే. సూచీ 10 శాతం పడి 11.1 శాతం లేచి మొదటికి వచ్చేస్తుంది. ఆ ఫండ్ మాత్రం 20 పడి 22.2 లేచి 97.8 దగ్గర ఉండిపోతుంది.

కాబట్టి మీ సలహా మంచిదే. చిన్న రిస్క్ పెట్టమనడం సరైనదే. అందుకు అసలు కారణం మాత్రం వేరే ఉంది.

రవి_చ

మధ్యలో వస్తున్నాను, నా ఖాతా సంగతి కాస్త చెప్పండి. 4 లక్షలతో మొదలుపెట్టాను. పడి పడి 2 లక్షల 40 వేలకి వచ్చింది. ధర తక్కువగా ఉంది కదా అని ఇంకో లక్షా 20 వేలు వేశాను. ఇప్పుడు బ్యాలెన్స్ 3 లక్షల 60 వేలు. 4 లక్షల నుంచి చూస్తే 10 శాతమే డౌన్, అంటే 11 శాతం చేస్తే సరిపోతుంది కదా? మా తమ్ముడేమో 67 శాతం చేయాలంటాడు. ఆవరేజ్ చేశాక కూడా 67 ఏంటి అని నాకు టెన్షన్‌గా ఉంది.

సుభద్ర

రవి గారూ, మీ కేసులో మూడు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోయాయి. వాటికి మూడు జవాబులు ఉన్నాయి. ఒక్కొక్కటీ చూద్దాం.

బ్యాలెన్స్ అంకె మళ్ళీ 4 లక్షలు ఎప్పుడు చూపిస్తుంది అన్నది మొదటిది. 3.6 నుంచి 4కి 11 శాతం. ఇది నిజమే కానీ, ఈ అంకెకు అర్థమే లేదు. ఎందుకంటే మీరు పెట్టింది 4 కాదు, 5 లక్షల 20 వేలు. ఇంకో 40 వేలు వేస్తే ఏ లాభమూ లేకుండానే 4 లక్షలు కనిపిస్తుంది.

రెండోది, జేబులోంచి పెట్టిన మొత్తం డబ్బు ఎప్పుడు తిరిగి వస్తుంది. 3.6 నుంచి 5.2కి వెళ్ళాలి. అది 44 శాతం. మీకు నిజంగా కావలసిన జవాబు బహుశా ఇదే. 67 నుంచి 44కి తగ్గింది కదా అంటే తగ్గింది, కానీ నష్టం తగ్గలేదు. అప్పుడూ లోటు లక్షా 60 వేలే, ఇప్పుడూ అంతే. దాన్ని మోసే డబ్బు ఎక్కువైంది కాబట్టి శాతం తగ్గింది. దానికి బదులుగా ఇప్పుడు ఇంకో 20 శాతం పడితే పోయేది 48 వేలు కాదు, 72 వేలు.

మూడోది మీ తమ్ముడి గారి 67. మీరు ఎంచుకున్న షేర్లు, మీ పద్ధతి, గరిష్ఠం నుంచి ఎంత వెనకబడ్డాయి అన్నదానికి జవాబు అది. మీరు డబ్బు వేసినా వేయకపోయినా అవి 40 శాతం పడ్డాయి, పాత స్థాయికి 67 శాతం రావాలి. మొదట పెట్టిన 4 లక్షలకు ఇవాళ్టికీ వర్తించేది ఈ అంకే. 44 శాతం లేచిన రోజున ఆ 4 లక్షలు 3 లక్షల 47 వేల దగ్గరే ఉంటాయి. కొత్త లక్షా 20 వేలు సంపాదించిన 53 వేలు ఆ లోటుని పూడుస్తాయి.

ఖాతాలో డబ్బు వేస్తూ తీస్తూ ఉండేవాళ్ళు డ్రాడౌన్‌ని బ్యాలెన్స్ మీద లెక్క వేస్తే ఎప్పుడూ ఇలాగే తప్పుతుంది. మ్యూచువల్ ఫండ్ చేసినట్టే చేయండి. మొదటి రోజు ఒక యూనిట్ విలువ 100 అనుకోండి. మీకు 4,000 యూనిట్లు ఉన్నట్టు. 2.4 లక్షలకు వచ్చినప్పుడు యూనిట్ 60. ఆ రోజు లక్షా 20 వేలు వేశారంటే 60 చొప్పున 2,000 యూనిట్లు కొన్నట్టు. యూనిట్ విలువ 60 దగ్గరే ఉంటుంది, కదలదు. డబ్బు తీస్తే యూనిట్లు తగ్గుతాయి, విలువ మారదు. స్ప్రెడ్‌షీట్‌లో B కాలమ్‌లో తేదీల వారీగా యూనిట్ విలువలు పెట్టుకుని, పక్కన ఇవి రాసి కిందికి లాగండి:

```
C2: =MAX(B$2:B2)
D2: =B2/C2-1
E2: =C2/B2-1
```

C అప్పటివరకు వచ్చిన గరిష్ఠం, D డ్రాడౌన్, E కావలసిన లాభం. సరిగ్గా చేశారా లేదా అన్నది ఇలా పట్టుకోవచ్చు: డబ్బు వేసిన రోజున D కాలమ్‌లో గెంతు కనిపిస్తే ఎక్కడో బ్యాలెన్స్ దూరిందని అర్థం.

రవి_చ

చాలా థాంక్స్ అండీ. 44, 67 రెండూ ఒకేసారి ఎలా నిజమో ఇప్పుడు అర్థమైంది. ఇంకొక్కటి. ఇందులో ఒక షేరు విడిగా 62 శాతం పడి ఉంది. దానికి 163 శాతం కావాలని వచ్చింది. అమ్మేయాలా, ఉంచాలా?

కిరణ్_ట్రేడర్

అమ్మేయండి. 163 శాతం ఎన్ని షేర్లు చేస్తాయి చెప్పండి?

శ్రీధర్

ఆ 163 అన్నది రవి గారు కొన్న ధర నుంచి వచ్చిన అంకె. ఆయన ఎంతకు కొన్నారో ఆ కంపెనీకీ తెలియదు, మార్కెట్‌కీ తెలియదు. నిన్న కొన్నవాడికి అదే షేరులో కావలసింది సున్నా శాతం. ఒకే షేరు ఒకరికి అమ్మవలసినది, ఇంకొకరికి ఉంచవలసినది ఎలా అవుతుంది? ఈ ధరకి ఇవాళ కొత్తగా కొంటారా అని అడగాలి. కొనను అంటే అమ్మాలి. దానికి డ్రాడౌన్ లెక్కతో పనిలేదు.

కిరణ్_ట్రేడర్

కాగితం మీద బాగుంది. కానీ 62 శాతం పడిన కంపెనీ ఊరికే పడదు. అప్పులో, లెక్కల్లో తేడానో, ధందా చచ్చిపోవడమో ఏదో ఉంటుంది. మీరు చెప్పిన 10 మెట్లు కింద, 10 మెట్లు పైన అన్నది ఆ షేరు మళ్ళీ అలాగే కదులుతుంది అనుకుంటేనే. పడిన లోతు కూడా ఒక సమాచారమే కదా?

శ్రీధర్

సూచీకీ ఒక్క కంపెనీకీ తేడా ఉందని ఒప్పుకుంటాను. సూచీలోంచి పాడైన కంపెనీలు తీసేసి కొత్తవి చేరుస్తారు, ఒక్క కంపెనీకి ఆ సౌకర్యం లేదు. కానీ లోతు ఒక్కటే చూసి చెప్పగలిగితే, ఎంత లోతు దగ్గర సమాచారం మొదలవుతుందో కూడా చెప్పాలి. మీరు 20 అంటున్నారు. ఇంకొకరు 8 అంటారు, ఇంకొకరు 35. నాకు నమ్మదగ్గ గీత ఇంతవరకు కనిపించలేదు.

సుభద్ర

మీ ఇద్దరి వాదన ఇక్కడ తేలేది కాదనిపిస్తోంది. రవి గారు మాత్రం ఆ కంపెనీ అప్పు ఎంత, పోయిన రెండేళ్ళలో వ్యాపారంలోంచి నగదు వస్తోందా లేదా అన్నవి చూసి నిర్ణయించుకోండి. 163 అన్న అంకె ఎంత ఎత్తు ఉందో చెబుతుంది, ఎక్కగలదో లేదో చెప్పదు.

వంశీ గారి టైమ్ ప్రశ్న మిగిలిపోయింది. ఏటా 12 శాతం చొప్పున పెరుగుతుంది అనుకుందాం. 20 శాతం నష్టం పూడటానికి దాదాపు 2 ఏళ్ళు. 50 శాతం నష్టానికి 6 ఏళ్ళు దాటుతుంది. 75 శాతం నష్టానికి 12 ఏళ్ళు దాటుతుంది. "పడిన శాతానికి రెట్టింపు టైమ్" అన్న సూత్రం ఎక్కడా కుదరదు. సగం అయిన ప్రతిసారీ ఇంకో 6 ఏళ్ళు చేరుతుంది, అంతే. పడటానికి ఎంతకాలం పట్టిందన్నదానితో దీనికి సంబంధమే లేదు.

నిజంగా జరిగినది ఒకటి చూడండి. అమెరికాలో నాస్‌డాక్ కాంపోజిట్ సూచీ 2000 మార్చి 10న 5,048 దగ్గర ముగిసింది. 2002 అక్టోబర్ 9న 1,114. రెండున్నరేళ్ళలో 78 శాతం పోయింది, కావలసింది 353 శాతం. పాత గరిష్ఠాన్ని మళ్ళీ దాటి ముగిసింది 2015 ఏప్రిల్‌లో. అట్టడుగు నుంచి పన్నెండున్నరేళ్ళు. ఆ పన్నెండున్నరేళ్ళ సగటు వృద్ధి లెక్క వేస్తే ఏటా దాదాపు 12.8 శాతం వస్తుంది. మధ్యలో 2008 పతనం కూడా కలిపి! అంటే సూచీ నీరసంగా ఏమీ లేదు. ఎవరైనా సంతోషించే వేగంతోనే పెరిగింది. అంత వేగంతో పన్నెండున్నరేళ్ళు పెరిగితేనే మొదటి చోటుకి చేరింది. డివిడెండ్లు కలిపితే కాస్త ముందే చేరుతుంది, ధరల పెరుగుదల తీసేస్తే ఇంకా ఆలస్యమవుతుంది.

వంశీ_కె

12.8 శాతం మంచి రాబడి, అయినా పన్నెండున్నరేళ్ళు సున్నా దగ్గరే అన్నది ఇప్పటివరకు ఆలోచించలేదండీ. అంటే ఫండ్ పేపర్లలో "గత పదేళ్ళ సగటు రాబడి" అని చూపించినప్పుడు, ఆ పదేళ్ళు అట్టడుగు నుంచి మొదలయ్యాయా, గరిష్ఠం నుంచి మొదలయ్యాయా అన్నది ముందు చూసుకోవాలి కదా?

సుభద్ర

అవును, ఒకే సూచీ, ఒకే చార్టు. 2002 అక్టోబర్‌లో మొదలుపెట్టి చూపిస్తే ఏటా 12.8, 2000 మార్చిలో మొదలుపెడితే సున్నా. మొదలు ఎక్కడ అని అడగడంతోపాటు, ఆ కాలంలో గరిష్ఠ డ్రాడౌన్ ఎంత, పాత గరిష్ఠానికి కింద ఎన్ని నెలలు ఉంది అన్న రెండూ అడగండి. రెండోది చాలామంది ఇవ్వరు. యూనిట్ విలువలు మాత్రం బయట దొరుకుతాయి కాబట్టి పైన ఇచ్చిన మూడు కాలమ్‌లతో మీరే తీసుకోవచ్చు. D కాలమ్‌లో సున్నా లేని వరుసల్లో అన్నిటికంటే పొడవైనది ఎంతో చూస్తే తెలిసిపోతుంది.

పద్మజ_ఎం

సుభద్ర గారూ, నాన్నగారి ఖాతాకి ఈ షీటు వేస్తే నెలనెలా తీసిన డబ్బుకి ఆ రోజు యూనిట్ విలువతో యూనిట్లు తగ్గించాలి, అంతేనా? పన్ను కోత కూడా తీసినట్టే లెక్కా?

సుభద్ర

అంతేనండీ. పన్ను ఆయన చేతికి రాకపోయినా ఖాతాలోంచి బయటికి వెళ్ళింది కాబట్టి అదీ తీసినట్టే. ఫండ్ ఖర్చులు మాత్రం విడిగా తీయకండి, అవి యూనిట్ విలువలో ముందే కలిసి ఉంటాయి.